జాకెట్టు లోపల లేబుల్ కుట్టే ముందు

ప్రశ్న: ఖమ్మంలో ఆరేళ్లుగా లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. నేను, ఒక కటింగ్ మాస్టర్, ఇద్దరు కుట్టేవాళ్లు. పట్టుచీరల జాకెట్లు ఎక్కువ వస్తాయి. ఈ మధ్య మా వీధిలోనే మూడు బొటిక్‌లు తెరిచారు. మా షాపుకూ ఒక బ్రాండ్‌లాగా పేరు రావాలని లేబుళ్లు, ట్యాగులు చేయిద్దామనుకుంటున్నాను. "ఫిటింగ్ గ్యారంటీ" అని బోర్డు మీద రాయించొచ్చా? ఆల్టరేషన్లు ఫ్రీగా చేయాలా, డబ్బులు తీసుకోవాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు:

రాజమండ్రిలో 23 ఏళ్లుగా జాకెట్లు కుట్టిస్తున్నాను. మీరు అనుకుంటున్నవన్నీ నేనూ చేశాను, కానీ వరస తప్పి చేశాను. ముందు లేబుల్ వేయించాను, తర్వాత గ్యారంటీ బోర్డు పెట్టాను, ఆల్టరేషన్ల సంగతి చివర్లో పట్టించుకున్నాను. ఆ వరస తిరగేసి ఉంటే నాకు మూడేళ్లు కలిసొచ్చేవి. అందుకని మీకు ఆల్టరేషన్ల దగ్గర నుంచే చెబుతాను.

రేపే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని కౌంటర్ మీద పెట్టండి. తిరిగొచ్చిన ప్రతి జాకెట్టూ అందులోకి ఎక్కాలి. తేదీ, బిల్లు నంబరు, ఎవరు కట్ చేశారు, ఎవరు కుట్టారు, బాగుచేయడానికి ఎంతసేపు పట్టింది. వీటన్నిటికంటే ముఖ్యంగా ఆవిడ ఏమందో ఆవిడ మాటల్లోనే రాయాలి, దాని పక్కన మీరు టేపు పెట్టి చూస్తే ఏం తేలిందో రాయాలి. "టైటు" అని ఒక్క ముక్క రాస్తే ఎందుకూ పనికిరాదు. ఛాతీ దగ్గర టైటా, చేతి దగ్గరా, హుక్కులు పెట్టేటప్పుడా, కూర్చున్నప్పుడా అన్నది తెలియాలి. మూడు నెలలు రాయండి. ఆ మూడు నెలల్లో ఒక పెళ్లిళ్ల సీజన్ ఉంటే ఇంకా మంచిది, తొందరలో చేసే తప్పులు కూడా పడతాయి.

నేను రాసినప్పుడు తేలిందేమిటంటే, తిరిగొచ్చిన వాటిలో సగానికి పైగా ఒకే జబ్బు. ఒకావిడ "చంకలో పట్టేస్తోంది" అంది. ఇంకొకావిడ "చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి పోతోంది" అంది. స్కూల్లో పనిచేసే టీచరమ్మ "బోర్డు మీద రాసేటప్పుడు ఇబ్బందిగా ఉంటోంది" అంది. మాటలు వేరైనా అన్నీ చంక దగ్గరి సంగతే. అప్పటిదాకా మేం ఏం చేసేవాళ్లమంటే, చంకలో పట్టేస్తోందని ఎవరైనా అనగానే మాస్టర్ ఆ చంకను కత్తెరతో ఇంకో పావు అంగుళం కిందికి తీసేసేవారు. షాపులో నిలబడి చూసుకుంటే వదులుగానే అనిపించేది. ఇంటికెళ్లి చెయ్యెత్తితే మళ్లీ అదే బాధ, ఇంకాస్త ఎక్కువగా.

ఎందుకో చెబుతాను. చెయ్యి కదిలేది భుజం కీలు దగ్గర. బట్టలో చెయ్యి, ఒళ్లు కలిసే కుట్టు ఆ కీలుకు ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా లేస్తుంది. కుట్టు కిందికి దిగేకొద్దీ, చెయ్యెత్తినప్పుడు పక్క భాగం మొత్తాన్ని చెయ్యే లాక్కుపోతుంది. అంటే చంక వదులు చేస్తున్నామనుకుని మేం జబ్బు పెంచుతున్నాం.

దీన్ని నమ్మడానికి మా మాస్టర్‌కి ఒక రోజు పట్టింది. మా షాపులోనే చేతిపని చేసే అమ్మాయికి 36 ఛాతీ. ఒకే టూ బై టూ బట్టలో ఆ అమ్మాయికి రెండు జాకెట్లు కుట్టించాను. మొదటిదానికి భుజం నుంచి చంక లోతు మా పాత లెక్క ప్రకారం 7 అంగుళాలు. రెండోదానికి ఆరున్నర. చెయ్యి కూడా మార్చాం. పైవంపు ఎత్తు అర అంగుళం తగ్గించి, ఆ తగ్గించిన మేర చెయ్యిని వెడల్పు చేశాం. లేకపోతే చెయ్యి చుట్టు కొలత చంక చుట్టుకు సరిపోదు, కుట్టేటప్పుడు కుచ్చు పడుతుంది. తర్వాత ఆ అమ్మాయిని తలలో పూలు పెట్టుకుంటున్నట్టు రెండు చేతులూ వెనక్కి ఎత్తమన్నాం. నడుం దగ్గర జాకెట్టు అంచు ఉన్నచోట ముందే చీర మీద చాక్‌తో గీత పెట్టుకున్నాం. మొదటి జాకెట్టు ఆ గీత నుంచి దాదాపు 2 అంగుళాలు లేచింది. రెండోది అంగుళంలోపే ఆగింది.

దీనికి ఒక ఖరీదు ఉంది, అది కస్టమర్‌కి ముందే చెప్పాలి. ఇలా కట్ చేసిన చెయ్యి, చేతులు కిందికి వేలాడేసి నిలబడినప్పుడు చంక ముందు చిన్న ముడత చూపిస్తుంది. పాత పద్ధతిలో ఆ ముడత ఉండదు. ఫోటో కోసం కదలకుండా నిలబడితే పాతదే నున్నగా కనిపిస్తుంది. పెళ్లిలో నాలుగు గంటలు వడ్డన దగ్గర తిరిగేవాళ్లకి కొత్తదే హాయి. ఎవరికి ఏది కావాలో అడిగి కుట్టండి. అలాగే చంకను మరీ పైకి తెస్తే ఒరుసుకుంటుంది, చెమట మరకలు పడతాయి. వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

ఇంకో సంగతి. చంక కిందికి తీసేసిన జాకెట్టును మళ్లీ పైకి తేవడం కుదరదు, అక్కడ బట్టే లేదు. లాల్చీలకు చంకలో వేసినట్టు నాలుగు పలకల ముక్క వేసి కాస్త సర్దవచ్చు, అంతే. అందుకే ఈ తప్పు కత్తెర పడకముందే ఆగాలి.

ఇంత చెప్పింది ఎందుకంటే, మా షాపు గుర్తు అక్కడ పుట్టింది. "పూలు పెట్టుకుని చూడండమ్మా" అన్నది మా ట్రయల్ అద్దం ముందు రోజుకు ఇరవై సార్లు వినిపించే మాట అయింది. వేరే షాపులో ఎవరూ అలా అడగరు కాబట్టి ఆడవాళ్లు ఒకరికొకరు అదే చెప్పుకున్నారు. మీ పుస్తకంలో వేరేది తేలొచ్చు. వెనుక మెడ లోతు పెట్టినప్పుడు భుజాలు జారడం కావచ్చు, వంగినప్పుడు ముందు మెడ ఎడం కావడం కావచ్చు, హుక్కుల మధ్య నోరు తెరుచుకోవడం కావచ్చు. ఏది ఎక్కువసార్లు తిరిగొస్తోందో దాన్ని మీ ఊళ్లో ఎవరికంటేనైనా బాగా చేయడం నేర్చుకోండి. బ్రాండ్ అని మీరంటున్న దానికి అసలు సరుకు అదే. కంటికి కనిపించే గుర్తు కూడా ఒకటి ఉండాలి, కానీ ఒక్కటి చాలు. మాకు సన్నని పైపింగ్, ఏ జాకెట్టుకైనా ఒకే మందం, లోపల ఒకే సైజు తాడు. రంగు మాత్రం చీర అంచును బట్టి. పది రకాలు పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు.

ఇప్పుడు గ్యారంటీ. బోర్డు మీద "ఫిటింగ్ గ్యారంటీ" అని రెండు మాటలు రాయించకండి. నేను రాయించాను. ఒకావిడ పెళ్లికూతురి పట్టు జాకెట్టు తీసుకెళ్లి, పదిహేను రోజుల తర్వాత వచ్చి బాలేదంది. చీరతో వచ్చిన ముక్క అది, ఇంకోటి దొరకదు. గ్యారంటీ అన్నారు కాబట్టి చీర డబ్బులే ఇమ్మంది. కొంత ఇచ్చి రాజీ పడ్డాను. ఆవిడ తప్పు లేదు. నేను రాసిన మాటకి హద్దు లేదు, ఆవిడకు తోచిన హద్దు ఆవిడ పెట్టుకుంది.

పట్టు జాకెట్టు ముక్క మామూలుగా 80 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు ఉంటుంది. పాడైతే మళ్లీ కుట్టిస్తామన్న మాట మన చేతిలో లేదు. కాబట్టి మన చేతిలో ఉన్నదే రాసివ్వాలి. ఇప్పుడు మా బిల్లు వెనక ఇలా ఉంటుంది:

"చేతులు ఎత్తినా, వంగినా, కూర్చున్నా ఇబ్బంది లేకుండా కుడతాం. డెలివరీ ఇచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో ఫిటింగ్ సరిచేయడం ఉచితం. లోపల వదిలిన మార్జిన్ మేరకు ఎప్పుడైనా వదులు చేసిస్తాం, 30 రోజుల తర్వాత దానికి చార్జి ఉంటుంది. కటింగ్ మా వల్ల తప్పయితే కుట్టుకూలి పూర్తిగా వాపసు ఇచ్చి, దొరికినంతవరకు మ్యాచింగ్ బట్టతో మళ్లీ కుట్టిస్తాం. డిజైన్ మార్పులు, చీర ఖరీదు ఇందులోకి రావు."

ఈ మాటలు బిల్లు వెనక ఉంటే చాలదు. బట్ట తీసుకునేటప్పుడే చదివి వినిపించాలి. కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి ఇది కంఠతా రావాలి.

ఈ మాట నిలబెట్టుకోవడానికి రెండు పనులు చేస్తున్నాం. మొదటిది లైనింగ్ ట్రయల్. కొత్త కస్టమర్ పట్టుచీర తెస్తే పట్టు మీద కత్తెర పెట్టం. ముందు లైనింగ్ కట్ చేస్తాం. ఆ లైనింగ్‌ను ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఉంచుతాం. మా ఊళ్లోని తాడితోట నుంచి తెచ్చే కాటన్ లైనింగ్ ఎంత మంచిదైనా మొదటి తడికి కొంత కుంచించుకుంటుంది. తడపకుండా కుడితే మొదటిసారి ఉతికాక లోపల లైనింగ్ బిగిసి, పైన పట్టు ఉబ్బరిస్తుంది. ఫిటింగ్ పోయిందని వచ్చే జాకెట్లలో కొన్ని ఇవే. లైనింగ్‌ను పెద్ద కుట్లతో కచ్చాగా కలిపి, ముందు పిన్నులు పెట్టి ఆవిడకు వేసి చూస్తాం. పూల పరీక్ష అక్కడే. డాట్ సరైన చోట వచ్చిందా, భుజం ఎముక మీద కుట్టు కూర్చుందా, వెనుక మెడ ఎత్తుగా నిలబడిందా అన్నది చూసి పెన్సిల్‌తో గీసుకుంటాం. మొత్తం పావుగంట. ఆ కుట్లు విప్పి, ఆ లైనింగ్ ముక్కలనే నమూనాగా పెట్టి పట్టు కట్ చేస్తాం. ఆ లైనింగే లోపలికి వెళ్తుంది కాబట్టి బట్ట వృథా లేదు.

ఆది జాకెట్టు ఇచ్చి "ఇలాగే కుట్టండి" అనేవాళ్లకి కూడా ఈ ట్రయల్ చేయండి. ఆదిలో ఉన్న తప్పులన్నీ కొత్తదాంట్లోకి దిగుతాయి. పాత జాకెట్టు సాగి ఉంటుంది, మనిషి మారి ఉంటుంది. ఆది తీసుకుంటూ నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "దీంట్లో మీకు నచ్చనిది ఏంటమ్మా?" అప్పుడు అసలు కొలతలు బయటికొస్తాయి.

రెండోది మార్జిన్. పక్క కుట్ల దగ్గర ముందు ముక్కలు రెండు, వెనుక వైపు రెండు అంచులు, మొత్తం నాలుగు అంచులు ఉంటాయి. ఒక్కో అంచుకు కుట్టు బయట 1 అంగుళం వదిలామనుకోండి. అందులో పావు అంగుళం బట్ట నిలవడానికి ఉండాలి. మిగిలిన ముప్పావు చొప్పున నాలుగు అంచులకు 3 అంగుళాలు. అంటే 36 జాకెట్టు అవసరమైతే 39 దాకా వస్తుంది. ఇది కాగితం మీది లెక్క. నిజంగా రావాలంటే చెయ్యి కింద కుట్టులో కూడా అదే 1 అంగుళం వదిలి ఉండాలి. చాలామంది కుట్టేవాళ్లు ఒంటికి మార్జిన్ వదిలి, చేతి దగ్గర కత్తిరించేస్తారు. అలా అయితే ఒళ్లు వదులు చేసినా చంక దగ్గర ఆగిపోతుంది. డాట్లు కూడా వదులు చేయలేం, ఆ పాత గుర్తు ఛాతీ మధ్యలో కనిపిస్తుంది. ఈ హద్దులు మీరు తెలుసుకుని మాట ఇవ్వండి.

పట్టులో ఇంకో చిక్కు సూది రంధ్రాలది. విప్పినచోట చుక్కలు వరసగా కనిపిస్తాయి. టిష్యూ, మెత్తటి పట్టుల్లో అవి పోవు. మేం పట్టుకు 11 నంబరు సూది, కొత్తది, వాడతాం. అదే 16 నంబరు సూదితో అన్నీ కుట్టేస్తే తర్వాత విప్పడానికి భయపడాల్సి వస్తుంది. విప్పిన తర్వాత లోపలి వైపు నుంచి ఆవిరి పట్టి, గోటితో దారాలు అడ్డంగా నెమ్మదిగా సర్దితే చాలావరకు పూడుకుంటాయి. ఏళ్ల తర్వాత విప్పితే లోపలి మడత రంగు నిండుగా, బయటిది కాస్త వెలిసి ఉంటుంది. అది దాచలేం. విప్పకముందే లోపల తిప్పి చూపించి, ఆవిడ సరే అన్నాకే బ్లేడు పెట్టండి.

ఇక ట్యాగ్. బొటిక్‌లవాళ్లు దళసరి కార్డు మీద బంగారు అక్షరాలతో పేరు వేసి కడతారు. ఇంటికెళ్లగానే చెత్తబుట్టలోకి పోతుంది. మీ ట్యాగ్‌ను ఆవిడ దాచుకునేలా చేయండి. మా ట్యాగ్ మీద ఒకవైపు పేరు, రెండోవైపు చేత్తో నింపే నాలుగు గీతలు ఉంటాయి: బిల్లు నంబరు, ఉచితంగా సరిచేసే చివరి తేదీ, లోపల వదిలిన మార్జిన్, లైనింగ్ తడిపి కుట్టామన్న మాట. మార్జిన్ గీత వల్ల నాకు చాలా మేలు జరిగింది. "మార్జిన్: 3 అంగుళాలు" అని చేత్తో రాసి ఉంటే మూడేళ్ల తర్వాత కాన్పు అయ్యాక కూడా ఆ జాకెట్టు పనికొస్తుందని ఆవిడకు తెలుసు. బట్ట చాలక మొత్తం మీద అర అంగుళమే వదులయ్యేలా ఉంటే అర అంగుళం అనే రాస్తాం. మగ్గం వర్క్ ఉంటే "వర్క్ మీద నేరుగా ఇస్త్రీ పెట్టవద్దు, తిరగేసి పైన గుడ్డ వేసి చేయండి" అని ఇంకో గీత. ట్యాగ్‌ను పిన్నీసుతో పట్టు మీద గుచ్చకండి, వానాకాలంలో తుప్పు మరక పడుతుంది. హుక్కు కాజాలోంచి దారం పోనిచ్చి కట్టండి.

లేబుల్ సంగతి చివరికి వచ్చింది. నా మొదటి లేబుళ్లు శాటిన్ రిబ్బన్ మీద అచ్చు వేసినవి. మెరుస్తూ ఉంటే బాగుందనుకుని వెయ్యి చేయించి, వెనుక మెడ లోపల కుట్టించాను. అంచులు వేడితో కోసినవి కావడంతో మెడ కింద గీరుకునేవి. ఒకావిడ భరించలేక బ్లేడుతో కోసేస్తే లైనింగ్ కూడా తెగింది, దాన్ని నా దగ్గరికే తెచ్చింది. చేతిలో పెట్టింది చూస్తే, నాలుగైదు ఉతుకులకే మా పేరులో సగం అక్షరాలు లేవు. పైగా ఇప్పుడు లోతు మెడలు. వెనుక ఎనిమిది తొమ్మిది అంగుళాలు దింపితే మెడ దగ్గర లేబుల్‌కు చోటెక్కడిది?

ఇప్పుడు నేసిన లేబుల్ వాడుతున్నాను. అక్షరాలు దారంతోనే నేస్తారు కాబట్టి చెరగవు. తిరుప్పూర్, సూరత్‌లలో నేసి పంపేవాళ్లు ఉంటారు. దమాస్క్ నేత అని అడగండి, మెత్తగా ఉంటుంది, చిన్న అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి. రెండు చివర్లూ లోపలికి మడిచి ఇమ్మనండి, కోసిన అంచు ఒంటికి తగలదు. చోటు మాత్రం ఎడమ పక్క కుట్టుకు ముందువైపు, నడుం పట్టీకి అంగుళం పైన. అక్కడ ఒంటికి ఒరుసుకోదు, లోతు మెడైనా నెట్ చేతులైనా బయటికి కనిపించదు, హుక్కులు పెట్టుకునేటప్పుడు మాత్రం ఆవిడ కళ్లకు కనిపిస్తుంది. పట్టును, లైనింగ్‌ను కలపకముందే లేబుల్‌ను ఒక్క లైనింగ్‌కే కుట్టాలి. కలిపాక కుడితే ఆ కుట్టు పట్టు మీద బయటికి చతురస్రంలా తేలుతుంది. పక్క కుట్టుకు మరీ ఆనించకండి, మార్జిన్ విప్పేటప్పుడు అడ్డొస్తుంది.

లేబుల్ కింద భాగంలో ఖాళీ తెల్ల గీత ఒకటి నేయించాను. అక్కడ ఉతికినా పోని క్లాత్ మార్కర్‌తో కస్టమర్ నంబరు రాస్తాం. పేరు, ఫోన్ నంబరు రాయం. ఆ నంబరు మా కొలతల కార్డుది. ఆవిడ రెండేళ్ల తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "లేబుల్ మీద 412 ఉంది, ఇలాంటిదే కావాలి" అంటే కార్డు తీసి చూస్తాం. లైనింగ్ ట్రయల్‌లో గీసిన మార్పులన్నీ ఆ కార్డులో ఉంటాయి. లేబుల్‌తో నాకు అందిన అసలు ఉపయోగం ఇదే.

డబ్బుల విషయం. ఉచితంగా చేయడం అంటే ఎవరో ఒకరు భరించడం. కుట్టేవాళ్లది పీస్ రేటు అయితే, తిరిగొచ్చిన జాకెట్టును వాళ్లతోనే ఊరికే చేయించడం మామూలు. అలా చేయకండి. వాళ్లు గబగబా ఒక కుట్టు లాగి ఇచ్చేస్తారు, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పరు, మీ పుస్తకం అబద్ధాలతో నిండుతుంది. ఆల్టరేషన్‌కు కూడా రేటు కట్టి ఇవ్వండి. లెక్క వేసి చూద్దాం: వంద జాకెట్లలో 10 తిరిగొస్తాయి, ఒక్కోదానికి కుట్టేవాళ్లకి మీరు 80 రూపాయలు ఇస్తారు అనుకోండి. మొత్తం 800, అంటే జాకెట్టుకు 8 రూపాయలు. 600 కూలి తీసుకునే జాకెట్టులో ఆ 8 ముందే కలుపుకుంటే ఉచితం అన్న మాట మీ మీద భారంగా ఉండదు. మీ పుస్తకంలో నిజంగా ఎన్ని తిరిగొస్తున్నాయో ఆ అంకె వేసుకోండి. 30 తిరిగొస్తుంటే ఇంకా బోర్డు మీద ఏ మాటా రాయించకండి, కటింగ్ దగ్గర పని మిగిలి ఉంది.

ఆల్టరేషన్లకు రోజులు కేటాయించండి. మాకు మంగళ, శుక్రవారాలు, పొద్దున 10 నుంచి 1 వరకు. ఆ మూడు గంటలూ ఒక మిషన్ దానికే. మధ్యాహ్నాలు, పెళ్లి ఆర్డర్ల మధ్యలో తోసేస్తే రెండు పనులూ చెడతాయి. ముహూర్తం దగ్గరగా ఉన్నవాళ్లకు మాత్రం ఏ రోజైనా తీసుకుంటాం. వరలక్ష్మీ వ్రతం ముందు వారం, దసరా ముందు వారం ఇంకో మిషన్ కూడా దీనికే వదిలేస్తాం.

వేరే షాపులో కుట్టినవి తీసుకోవాలా అని మీకు సందేహం వస్తుంది. తీసుకోండి, డబ్బులకే తీసుకోండి. వదులు జాకెట్టు పక్కలు పట్టడం, చేతులు బిగించడం, హుక్కులు మార్చడం, కుట్లు ఊడినవి కుట్టడం చేస్తాం. వదులు చేయమంటే ముందు లోపల తిప్పి మార్జిన్ చూపిస్తాం. ఒప్పుకునే ముందు జాకెట్టుకు బయటా లోపలా ఫోటో తీసుకుంటాం. చంక, మెడ, డాట్లు మార్చమంటే వద్దని చెబుతాం, మన చేతి కటింగ్ కానిదాని పాపం మన మీద పడుతుంది. ఎంత బాగా చేసినా వాటికి మా లేబుల్ వేయం. ఆవిడ అడిగినా వేయం. మా దగ్గరికి కొత్తగా వచ్చి నిలిచిపోయిన కస్టమర్లలో చాలామంది ముందు ఇలాంటి పనికే వచ్చారు.

పేరు రిజిస్ట్రేషన్ గురించి కొంచెం. ట్రేడ్‌మార్క్ వర్గాల్లో కుట్టుపని, ఆల్టరేషన్లు 40వ తరగతి కిందికి వస్తాయి. రెడీమేడ్ బట్టలు అమ్మితే 25వ తరగతి. TM-A ఫారం ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవాలి. దరఖాస్తు వేశాక ™ గుర్తు పెట్టుకోవచ్చు. ® మాత్రం రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేదాకా లేబుల్ మీద వేయకండి, అది చట్టప్రకారం నేరం. "లేడీస్ టైలర్స్" లాంటి మామూలు మాటలు, ప్రతి వీధిలో ఉండే దేవుళ్ల పేర్లు ఒక్కరికే దక్కడం కష్టం. కాబట్టి లేబుల్ నేయించకముందే పేరు వెతికి చూసుకోండి. నేసిన తర్వాత పేరు మార్చాల్సి వస్తే ఆ డబ్బాలన్నీ అలాగే ఉండిపోతాయి.

ముందుగా 20 శాంపిల్ లేబుళ్లు తెప్పించండి. మీవి, మీ ఇంట్లోవాళ్లవి జాకెట్లకు కుట్టి, నెల రోజులు ఇంట్లో ఉతికినట్టే ఉతకండి. తెల్ల లైనింగ్ మీద కూడా ఒకటి కుట్టి సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టి చూడండి. ఎరుపు, మెరూన్ దారాలు కొన్ని రంగు వదులుతాయి. అక్షరం చెక్కుచెదరకుండా, రంగు వదలకుండా, ఎవరూ గీరుకుంటోంది అనకుండా ఉంటే అప్పుడు వెయ్యికి ఆర్డర్ ఇవ్వండి. ఈలోగా మీ పుస్తకం మూడు నెలలూ నిండుతాయి.